ఆవరణ వ్యవస్థ పాఠాన్ని బట్టీ నుంచి తప్పించడం: అడ్వాన్స్ ఆర్గనైజర్ తయారు చేసి వాడే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

ఆవరణ వ్యవస్థ పాఠం అయిపోయిన మర్నాడు తొమ్మిదో తరగతిలోకి వెళ్లి 'ఉత్పత్తిదారులు అంటే ఏమిటి?' అని అడగండి, క్లాసంతా గొంతు కలిపి పుస్తకంలో ఉన్న వాక్యాన్ని ఉన్నట్టు అప్పజెప్తుంది. అదే పిల్లలను ఇంకోటి అడగండి: 'బయటి మేత ఏమీ వేయకుండా మన ఊరి చెరువులో రోహు పిల్లలు వదిలితే ఎక్కువ చేప వస్తుందా, కొర్రమీను వదిలితే ఎక్కువ వస్తుందా, ఎందుకు?' చాలామంది కొర్రమీను అంటారు, ఎందుకంటే దానికి రేటు ఎక్కువ. కొందరు తల దించుకుంటారు. ఈ ప్రశ్నకు కావాల్సిన సమాచారమంతా నిన్నటి పాఠంలో ఉంది, కానీ అది నోట్సులో ఒక దగ్గర, చెరువు వాళ్ల బుర్రలో ఇంకో దగ్గర ఉండిపోయాయి. ఈ రెండింటినీ కలపడానికి పాఠానికి ముందే ఎనిమిది పది నిమిషాల్లో చేయాల్సిన పని ఒకటుంది. దాన్నే అడ్వాన్స్ ఆర్గనైజర్ అంటారు. బీఈడీలోనో, డీఎస్సీకి చదివేటప్పుడో ఈ పేరు మీరు వినే ఉంటారు, ఒక మార్కు బిట్టుగా బట్టీ కొట్టి కూడా ఉంటారు. దీన్ని నిజంగా రాసి, క్లాసులో వాడి, పని చేసిందో లేదో ఎలా తేల్చుకోవాలో ఇక్కడ చెప్తాను.

ముందు ఒక అపోహ పోవాలి

ఈ ఆలోచన అమెరికన్ మనోవిజ్ఞానవేత్త డేవిడ్ ఆసుబెల్‌ది. ఆయన చెప్పిన దాంట్లో మనవాళ్లు ఎక్కువగా తప్పు పట్టుకునేది ఇది: టీచర్ చెప్తే బట్టీ, పిల్లలే చేస్తే అర్థవంతం అనుకుంటారు. ఆసుబెల్ వీటిని రెండు వేరు వేరు గీతలుగా చూశాడు. విషయం పిల్లలకు చెప్తున్నామా, వాళ్లే కనుక్కుంటున్నారా అనేది ఒక గీత. ఆ విషయం పాత జ్ఞానంతో అతుక్కుంటోందా, విడిగా పడి ఉంటోందా అనేది ఇంకో గీత. నిలబడి చెప్పిన పాఠం కూడా పూర్తిగా అర్థవంతం కావచ్చు. చార్టు మీద బొమ్మలు అతికించి బాణాలు గీయించిన 'యాక్టివిటీ' కూడా ముమ్మాటికీ బట్టీ కావచ్చు, పక్కవాడి చార్టు చూసి బాణం ఎటు గీయాలో తెలుసుకున్న పిల్లవాడికి ఆ బాణం ఏం చెప్తోందో తెలియకపోతే చేతులు కదిలాయి తప్ప ఇంకేం జరగలేదు.

అర్థవంతమైన అభ్యసనానికి ఆయన పెట్టిన షరతులు మూడు. చెప్పే విషయానికి తనలో ఒక తర్కం ఉండాలి. దాన్ని పట్టి నిలిపే పాత ఆలోచన ఏదో పిల్లవాడి బుర్రలో ముందే ఉండాలి. ఈ కొత్తదాన్ని ఆ పాతదానికి కలపాలనే ఉద్దేశం పిల్లవాడికి ఉండాలి. ఆవరణ వ్యవస్థ పాఠానికి మొదటి షరతుతో పేచీ లేదు. మూడోది చాలావరకు మనం పెట్టే పరీక్ష చేతిలో ఉంది, అది చివర్లో చూద్దాం. అడ్వాన్స్ ఆర్గనైజర్ పుట్టింది రెండో షరతు కోసం. పట్టి నిలిపే ఆలోచన ఉంటే దాన్ని బయటికి లాగుతుంది, లేకపోతే ఒకటి ఇస్తుంది.

మొదటి మెట్టు: పాఠమంతా వేలాడే ఒక్క ఆలోచన పట్టుకోండి

పాఠం తెరిస్తే చాలా పేర్లు కనిపిస్తాయి. జీవ, నిర్జీవ అంశాలు, ఉత్పత్తిదారులు, వినియోగదారులు, విచ్ఛిన్నకారులు, ఆహార గొలుసు, ఆహార జాలకం, పోషక స్థాయి, పిరమిడ్లు, పది శాతం నియమం. వీటిని వరుసగా చదివి 'ఈ రోజు ఇవన్నీ నేర్చుకుందాం' అంటే అది విషయసూచిక, ఆర్గనైజర్ కాదు. ఆర్గనైజర్ పాఠం కంటే ఒక మెట్టు పైన ఉండాలి, అంటే పాఠంలో వచ్చే ప్రతి పేరూ దాని కిందికి వచ్చి చేరగలగాలి.

నేను పట్టుకునే ఆలోచన ఇది: ప్రాణులున్న ఏ చోటైనా రెండు లెక్కలు నడుస్తుంటాయి. శక్తి ఒక వైపు నుంచి వచ్చి మెట్టు మెట్టుకూ తగ్గుతూ బయటికి పోతుంది, పదార్థం మాత్రం చేతులు మారుతూ అక్కడక్కడే తిరుగుతుంటుంది.

దీన్ని ఒకసారి పరీక్షించి చూడండి. ఉత్పత్తిదారులు శక్తి లోపలికి వచ్చే వాకిలి. వినియోగదారులు అది దాటే మెట్లు. శక్తి పిరమిడ్ అది తగ్గే తీరును చూపే బొమ్మ. విచ్ఛిన్నకారులు పదార్థాన్ని మళ్లీ వాడుకకు తెచ్చేవాళ్లు. నేల, నీరు, గాలి ఆ పదార్థం ఉండే చోట్లు. అన్నీ కిందికి వచ్చి చేరాయి కాబట్టి ఈ వాక్యం పనికొస్తుంది. 'ప్రకృతిలో అన్నీ ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి' అనే వాక్యం కూడా కొందరు పెడతారు. అది తప్పు కాదు, కానీ పిరమిడ్ పైకి పోయేకొద్దీ ఎందుకు సన్నబడుతుందో దాన్నుంచి రాబట్టలేం, అందుకే ఆర్గనైజర్‌గా అది పనికిరాదు.

రెండో మెట్టు: పిల్లలకు ముందే తెలిసింది ఏమిటో అడిగి తెలుసుకోండి

1968లో వచ్చిన తన విద్యా మనోవిజ్ఞాన గ్రంథం మొదట్లోనే ఆసుబెల్ తేల్చి చెప్పిన మాట ఇదే: నేర్చుకోవడాన్ని అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయించేది నేర్చుకునేవాడికి ముందే ఏం తెలుసో అదే, కాబట్టి దాన్ని కనుక్కుని దాని ప్రకారం బోధించాలి. మనం దీన్ని 'పూర్వజ్ఞాన పరిశీలన' అని పాఠ్యపథకంలో ఒక గడిగా మార్చి, మూడు తేలిక ప్రశ్నలతో నింపేసి ముందుకు పోతుంటాం.

పాఠానికి రెండు రోజుల ముందు ఒక చిన్న కాగితం ఇచ్చి, పేరు రాయక్కర్లేదని చెప్పి, మూడు ప్రశ్నలు అడగండి. చెరువులో చచ్చిన చేప కొన్ని రోజులకు కనిపించకుండా పోతుంది, అది ఏమవుతుంది? ఎండాకాలం చెరువు మట్టిని చేన్లకు ఎందుకు తోలుతారు? మొక్క బతకడానికి కావాల్సిన శక్తి దానికి ఎక్కడినుంచి వస్తుంది?

మన దగ్గర ఈ ప్రశ్నలకు రాసేవాళ్లు ఉంటారు, అది మనకున్న సౌకర్యం. కాకతీయుల కాలం నుంచి ఉన్న పాకాల, రామప్ప, లక్నవరం సంగతి వదిలేసినా, ఊరికో చెరువు, దాని కట్ట, తూము, మత్తడి చూడని పిల్లలు వరంగల్ చుట్టుపక్కల తక్కువ. మిషన్ కాకతీయ రోజుల్లో ట్రాక్టర్లతో పూడిక మట్టి తోలడం చూసినవాళ్లు కనీసం వాళ్ల ఇళ్లలో ఉంటారు. అయితే మూడో ప్రశ్నకు వచ్చే జవాబులు జాగ్రత్తగా చదవండి. 'మట్టి నుంచి', 'ఎరువు నుంచి', 'నీళ్ల నుంచి' అని సగం కాగితాల్లో కనిపించినా ఆశ్చర్యపోవద్దు. మట్టి వేస్తే చేనుకు బలం అని ఇంట్లో విన్నారు, బలం అంటే శక్తే అనుకున్నారు. కిరణజన్య సంయోగక్రియ నిర్వచనం ఏడో తరగతి నుంచి వస్తూనే ఉన్నా సరే, అది వేరే అరలో ఉంటుంది.

ఆ కాగితాలు చూస్తే మీకు రెండు సంగతులు తెలుస్తాయి. ఏ పాత ఆలోచనకు ముడి వేయాలో ఒకటి, ఏ పాత ఆలోచన అడ్డం వస్తుందో ఇంకొకటి.

మూడో మెట్టు: ఆర్గనైజర్ రాయండి

ఆసుబెల్ రెండు రకాలు చెప్పాడు. విషయం పిల్లలకు పూర్తిగా కొత్తదైతే వివరణాత్మక ఆర్గనైజర్, అంటే పైస్థాయి ఆలోచనను నేరుగా వివరించి ఇవ్వడం. కొంత తెలిసినదానితో పోలికా తేడా రెండూ ఉంటే తులనాత్మక ఆర్గనైజర్. 1960లో ఆయన చేసిన మొదటి ప్రయోగం మొదటి రకంది. కాలేజీ విద్యార్థులకు ఉక్కు లక్షణాల గురించి రెండున్నర వేల మాటల పాఠం చదవడానికి ఇచ్చి, దానికి ముందు ఒక గుంపుకు లోహాలు, మిశ్రలోహాల గురించిన పైస్థాయి ఆలోచనలతో 500 మాటల పరిచయం, ఇంకో గుంపుకు ఉక్కు తయారీ చరిత్రతో అంతే పొడవున్న పరిచయం ఇచ్చాడు. మూడు రోజుల తర్వాత పరీక్షలో మొదటి గుంపు కొంచెం మెరుగ్గా చేసింది. చరిత్ర ఆసక్తిగానే ఉంటుంది, కానీ ఉక్కు గురించి చదివే వాక్యాలు తగులుకోవడానికి అందులో కొక్కెం లేదు. మన క్లాసుల్లో పాఠానికి ముందు చెప్పే పిట్టకథలు చాలావరకు ఆ రెండో గుంపు పరిచయం లాంటివే.

చెరువులు తెలిసిన పిల్లలకు రెండో రకం సరిపోతుంది. కింద ఉన్నది నేను నోటితో చెప్పే పాఠం, దాదాపు ఇదే మాటల్లో:

> మన దగ్గర చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండితే మత్తడి దుంకి నీళ్లు కింది చెరువుకు పోతాయి. పై చెరువుకు వచ్చిన నీళ్లన్నీ కిందికి పోతాయా? పోవు. కొన్ని తూము నుంచి పొలాలకు పోతాయి, కొన్ని ఎండకు ఆవిరవుతాయి, కొన్ని భూమిలో ఇంకుతాయి. మిగిలినవే కిందికి. కింది చెరువు నీళ్లు మళ్లీ పై చెరువుకు ఎక్కుతాయా? ఎక్కవు.
>
> ఇప్పుడు ఒకే చెరువు లోపలికి చూడండి. అందులో నాచు ఉంది, పురుగులు ఉన్నాయి, చేపలు ఉన్నాయి, కొంగలు వచ్చి పోతుంటాయి. అవన్నీ బతకాలంటే రెండు కావాలి. ఒకటి శక్తి, రెండోది ఒళ్లు కట్టుకోవడానికి పదార్థం, అంటే కార్బన్, నైట్రోజన్, ఫాస్ఫరస్ లాంటివి.
>
> శక్తి గొలుసుకట్టు చెరువుల నీళ్లలాగే నడుస్తుంది. సూర్యుడి నుంచి నాచుకు, నాచు నుంచి పురుగుకు, పురుగు నుంచి చేపకు. ప్రతి దగ్గరా కొంత ఖర్చయిపోతుంది, మిగిలిందే ముందుకు పోతుంది, వెనక్కి రాదు.
>
> పదార్థం అలా కాదు. చచ్చిన చేప, రాలిన ఆకు కుళ్లి చెరువు అడుగున మట్టిలో చేరతాయి. అందులోని నైట్రోజన్, ఫాస్ఫరస్ మళ్లీ నాచుకే అందుతాయి. మనం ఆ మట్టిని చేనుకు తోలితే వరికి అందుతాయి.
>
> ఒక్క తేడా గుర్తు పెట్టుకోండి. చెరువు నీళ్లు ఆవిరైనా ఏదో ఒక రోజు వానగా మళ్లీ వస్తాయి. ప్రాణుల ఒంట్లో ఖర్చయి వేడిగా బయటికి పోయిన శక్తిని మళ్లీ ఏ మొక్కా, ఏ జంతువూ ఆహారంగా వాడుకోలేదు. అందుకే సూర్యుడు రోజూ రావాలి.

ఆ చివరి పేరా తీసేయాలని అనిపిస్తుంది, ఎందుకంటే పోలిక చక్కగా కుదిరింది, మళ్లీ తేడా ఎందుకు అనుకుంటాం. తీయకండి. తులనాత్మక ఆర్గనైజర్‌లో తేడా చెప్పే వాక్యానికి పోలిక చెప్పే వాక్యమంత బరువుంది. అది లేకపోతే తెలివైన పిల్లలే ముందు దారి తప్పుతారు, నీళ్లు వానగా వచ్చినట్టు శక్తి కూడా ఎలాగో తిరిగి వస్తుందని పోలికను చివరిదాకా లాగుతారు.

ఇందులో పోషక స్థాయి, ఆహార జాలకం, పిరమిడ్ అనే మాటలు ఎక్కడా రాలేదని గమనించండి. పాఠంలోని కొత్త పేర్లను ఆర్గనైజర్‌లో కూరితే అది పాఠపు సారాంశం అవుతుంది. సారాంశం పాఠం ఉన్న ఎత్తులోనే ఉంటుంది, ఆర్గనైజర్ పైన ఉండాలి. తయారైందాన్ని చూసుకోవడానికి ఒక గుర్తు: ఈ పాఠాన్ని చెరువు బదులు అడవి మీద చెప్పినా మీ ప్రధాన వాక్యం మారకూడదు. మారిందంటే మీరు చెరువు గురించి పరిచయం రాశారు, ఆవరణ వ్యవస్థ గురించి కాదు.

నాలుగో మెట్టు: చెప్పండి, కానీ చెప్పించండి కూడా

ఎనిమిది పది నిమిషాలు దాటొద్దు. బోర్డుకు ఎడమ చివర రెండు మాటలు రాసి పీరియడ్ అయ్యేదాకా చెరపకండి: 'శక్తి – దాటిపోతుంది', 'పదార్థం – తిరుగుతుంది'. తర్వాత ఇద్దరు ముగ్గురిని లేపి, చెరువు కాకుండా వరి పొలం తీసుకుని ఇదే సంగతి సొంతంగా చెప్పమనండి. 'వరిని మిడత తింటది, మిడతను కప్ప తింటది, కప్పను పాము తింటది సార్' అని ఆగిపోతే 'సరే, మిడత తిన్న వరిలోని శక్తి అంతా కప్పకు చేరుతదా?' అని అడగండి. ఈ పని మానేస్తే మీరు చెప్పింది కూడా ఇంకో బట్టీ పేరా అవుతుంది. నిజంగానే అవుతుంది, మరుసటి రోజు 'ఆర్గనైజర్ నోట్స్' అని గైడులాగా రాసుకొచ్చే పిల్లలున్నారు.

ఐదో మెట్టు: పైనుంచి కిందికి దిగండి

ఇక్కడినుంచి అసలు పాఠం. పెద్ద ఆలోచన ముందు, దాని కింద చిన్నవి, వాటి కింద వివరాలు, ఈ వరుసను ఆసుబెల్ క్రమంగా విడదీయడం అన్నాడు. పుస్తకం వరుస అలా లేకపోతే మార్చుకోండి.

మొదట శక్తి వైపు దిగుదాం. బోర్డు మీద ఒక చెరువు లెక్క వేయండి. నాచు, నీళ్లలో తేలే వృక్ష ప్లవకాలు ఏడాదిలో తమ ఖర్చు పోను 10,000 యూనిట్ల శక్తిని ఒంట్లో నిల్వ చేశాయనుకుందాం. వాటిని తినే జంతు ప్లవకాల ఒంట్లో చేరేది సుమారు 1,000. వాటిని తినే చిన్న చేపల్లో 100. ఆ చిన్న చేపలను తినే కొర్రమీనులో 10. ఇదే పది శాతం నియమం, 1942లో రేమండ్ లిండెమన్ సరస్సుల మీద చేసిన పని నుంచి వచ్చింది. మిగతా తొంభై ఎక్కడికి పోయింది అనే ప్రశ్న పిల్లల నుంచే రావాలి, రాకపోతే మీరు అడగండి. కొంత తినకుండానే మిగిలిపోయి చచ్చింది. కొంత తిన్నా అరగక మలంగా పోయింది. అరిగినదాంట్లో ఎక్కువ భాగం ఈదడానికి, ఊపిరి పీల్చడానికి, బతికి ఉండడానికి ఖర్చయి వేడిగా పోయింది. ఒంట్లో కండగా మారిందే పై మెట్టుకు అందేది. ఇప్పుడు ఎడమ వైపు రాసిన 'దాటిపోతుంది' అనే మాటను చూపించండి, పోషక స్థాయి అనే పేరు అప్పుడు ఇవ్వండి. పేరు ఆలోచన తర్వాత రావడమే ఇక్కడి కిటుకు.

పది అనేది అచ్చుపోసిన అంకె కాదని కూడా అప్పుడే చెప్పేయండి. చాలా చోట్ల ఇది సుమారు 5 నుంచి 20 శాతం మధ్య ఉంటుంది. పది అనేది లెక్క వేసుకోవడానికి వీలైన అంకె.

ఇప్పుడు మొదట్లో అడిగిన చేపల ప్రశ్నను వాళ్ల ముందుంచండి. రోహు ఎక్కువగా మొక్కల పదార్థం, నాచు తింటుంది, అంటే 10,000కు దగ్గరి మెట్టు. బొచ్చె నీటి పైపొరలో ఎక్కువగా జంతు ప్లవకాలను తింటుంది, ఇంకో మెట్టు పైన. కొర్రమీను చిన్న చేపల్ని, కప్పల్ని, పురుగుల్ని పడుతుంది, అంతకంటే పైన. మేత వేయని చెరువులో కిలోల లెక్క చూస్తే ఎవరు గెలుస్తారో పిల్లలే చెప్తారు. ఒక పిల్ల 'అందుకేనా సార్ కొర్రమీనుకు రేటు ఎక్కువ?' అని అడగొచ్చు. రుచి, గిరాకీ కూడా ఉన్నాయి కాబట్టి పూర్తిగా అందుకే కాదు, కానీ ఆ ప్రశ్న వచ్చిందంటే ముడి పడింది.

పదార్థం వైపు ఇంత సేపు అక్కర్లేదు. విచ్ఛిన్నకారులు, పూడిక మట్టి, నైట్రోజన్ తిరిగే దారి, ఒక పీరియడ్‌లో అయిపోతాయి.

ఆరో మెట్టు: కొట్టుకునే ఆలోచనల్ని ఎదురెదురుగా నిలబెట్టండి

పాఠం సగం దాటాక, కొత్తగా నేర్చుకున్నవి పాతవాటితోనూ తమలో తామూ గొడవ పడతాయి. ఆ గొడవను తీర్చే పనికి ఆసుబెల్ సమన్వయం అని పేరు పెట్టాడు. టీచర్లు ఎక్కువగా వదిలేసే మెట్టు ఇదే, సిలబస్ అయిపోవాలనే టెన్షన్‌లో.

మూడు చోట్ల తప్పక ఆగండి. మొదటిది: 'సార్, కొంగ చచ్చిపోతే దాని శక్తి మట్టిలకు పోయి మళ్లా నాచుకే వస్తది కదా?' ఈ ప్రశ్నకు లేదు అని ఒక్క మాటలో చెప్పి వదలొద్దు. కొంగ శవంలో శక్తి ఉన్నమాట నిజమే, దాన్ని బ్యాక్టీరియా, శిలీంధ్రాలు తిని వాడుకుంటాయి, ఆ వాడకంలో అది కూడా వేడిగా పోతుంది. మట్టిలో మిగిలి నాచుకు అందేది నైట్రోజన్, ఫాస్ఫరస్ లాంటి పదార్థం. నాచుకు శక్తి మళ్లీ ఎండ నుంచే రావాలి. చెరువు మట్టిని చీకటి గదిలో కుండీలో పోసి విత్తనం నాటితే ఏమవుతుందో ఊహించమనండి. విత్తనంలో నిల్వ ఉన్నంతవరకు మొలక పాలిపోయి సాగుతుంది, తర్వాత చస్తుంది. మట్టి మంచిదే, శక్తి లేదు. రెండో మెట్టులో కాగితాల మీద కనిపించిన 'మట్టి నుంచి' అనే జవాబు ఇక్కడ కదలాలి.

రెండోది విచ్ఛిన్నకారులు గొలుసు చివర్లో ఉంటారనే భ్రమ. పుస్తకంలో బొమ్మ అలా ఉంటుంది కాబట్టి వస్తుంది. నాచు కుళ్లినా, పురుగు చచ్చినా, చేప మలం పోసినా ప్రతి మెట్టు దగ్గరా వాళ్లకు పని ఉంటుంది. బొమ్మలో ప్రతి మెట్టు నుంచి ఒక బాణం పక్కకు గీయించండి, చాలు.

మూడోది కొంచెం పెద్ద పిల్లలకు, కానీ నాకు బాగా నచ్చేది. పైకి పోయేకొద్దీ శక్తి తగ్గితే, డీడీటీ లాంటి మందు మాత్రం పైకి పోయేకొద్దీ చేపల్లో, పక్షుల్లో ఎందుకు పెరుగుతుంది? రెండు లెక్కల ఆలోచన ఉన్నవాళ్లు దీన్ని విప్పగలరు. శక్తి ఖర్చవుతుంది. డీడీటీ పదార్థం, అది ఒంట్లో త్వరగా విరగదు, మూత్రంలో సులువుగా పోదు, కొవ్వులో దాక్కుంటుంది. కొర్రమీను ఏడాదంతా తిన్న చేపల కండ చాలావరకు ఖర్చయిపోయింది, వాటిలోని మందు మాత్రం మిగిలింది. ఒకటి తగ్గడం, ఒకటి పెరగడం ఒకే కథలో రెండు ముఖాలని తెలిసిన క్షణం పిల్లల ముఖాల్లో కనిపిస్తుంది.

ఇక్కడ కాన్సెప్ట్ మ్యాప్ గీయించవచ్చు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నోవాక్, ఆయన బృందం 1970లలో ఆసుబెల్ సిద్ధాంతం ఆధారంగానే దాన్ని తయారు చేశారు. ఒకే నియమం పెట్టండి: గీత మీద మాట రాయని గీత చెల్లదు. 'నాచు' నుంచి 'రోహు'కు ఊరికే గీత గీసినవాడికీ, దాని మీద 'శక్తిలో కొంత ఇస్తుంది' అని రాసినవాడికీ ఉన్న తేడా ఆ ఒక్క మాటలో బయటపడుతుంది.

ఏడో మెట్టు: బట్టీనా, అర్థమైందా అని తేల్చే పరీక్ష

ఇక మూడో షరతు, పిల్లవాడి ఉద్దేశం. పిల్లలు బట్టీకి ఎందుకు పోతారో ఆసుబెల్ చెప్పిన కారణాల్లో ఒకటి మనకు చేదుగా ఉంటుంది: అర్థం సరిగ్గా ఉన్నా మాట మాటా కలవకపోతే మార్కులు ఇవ్వని టీచర్లు ఉంటారని వాళ్లకు అనుభవంతో తెలుసు. మీరు నిర్వచనం అక్షరం పొల్లుపోకుండా అడిగితే, ముందు ఎంత చక్కటి ఆర్గనైజర్ చెప్పినా వాళ్లు నిర్వచనమే బట్టీ కొడతారు. అది వాళ్ల లెక్కలో తెలివైన పనే.

కాబట్టి ప్రశ్నలు జంటలుగా పెట్టండి. 'విచ్ఛిన్నకారులు అంటే ఏమిటి?' పక్కన, 'ఒక ఊరి చెరువులో బ్యాక్టీరియా, శిలీంధ్రాలు అన్నీ ఒక్కసారి లేకుండా పోతే పదేళ్ల తర్వాత నాచుకు ఏమవుతుంది? ఎండ మాత్రం ఎప్పటిలాగే ఉంది' అని అడగండి. 'శక్తి పిరమిడ్ గీయండి' పక్కన, 'చెరువంతా గుర్రపు డెక్క కమ్మింది, పచ్చదనం ముందుకంటే ఎక్కువైంది, అయినా చేపలు తగ్గాయి, ఎందుకు?' అని. నగరం చుట్టుపక్కల చెరువుల్లో గుర్రపు డెక్క చూడనివాళ్లు ఉండరు. డెక్క ఎండను అడ్డుకుంటే కింద నాచు, ప్లవకాలు తగ్గుతాయి, డెక్కలో పట్టుబడిన శక్తిని మన చేపల్లో చాలావరకు తినలేవు, అది కుళ్లేటప్పుడు నీళ్లలో ఆక్సిజన్ ఖర్చవుతుంది. ఈ మూడింటిలో ఒక్కటి సొంత మాటల్లో రాసినా ముడి పడినట్టే.

జవాబులు దిద్దేటప్పుడు గుర్తులు ఇవి. జంటలో మొదటిదానికి పుస్తకం వాక్యం, రెండోదానికి ఖాళీ ఉంటే బట్టీ. మొదటిదాన్ని తడబడుతూ రాసి రెండోదానికి సరైన కారణం ఇస్తే అర్థమైంది, పదం మాత్రం పట్టుబడలేదు. ఆ పదాన్ని అప్పుడు బట్టీ పట్టించినా నష్టం లేదు, పేర్లు ఎలాగూ గుర్తుపెట్టుకోవాల్సినవే. రెండోదానికి తప్పు జవాబు, కానీ కారణంతో రాస్తే, ఆ కారణం చదవండి, ఆరో మెట్టులో ఏ గొడవ తీరలేదో అందులో దొరుకుతుంది.

ఇదే పరీక్షను చెప్పకుండా ఒక నెల తర్వాత, చెరువు బదులు ఏటూరునాగారం అడవిని పెట్టి మళ్లీ ఇవ్వండి. 10,000 అంకెను, జంతు ప్లవకాల పేరును మర్చిపోయి, పైకి పోయేకొద్దీ శక్తి తగ్గుతుందని మాత్రం రాస్తే కంగారు పడొద్దు. వివరాలు పెద్ద ఆలోచనలో కలిసి కరిగిపోవడం ఆసుబెల్ సిద్ధాంతం ప్రకారం మామూలు మరుపే. పెద్ద ఆలోచన పోయి అంకె మిగిలితేనే అనుమానించాలి.

ఎక్కడ పని చేయదు

ఇది ఎప్పుడూ పని చేస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. 1975లో బార్న్స్, క్లాసన్ అనే ఇద్దరు 32 అధ్యయనాలు సమీక్షిస్తే, ఆర్గనైజర్ ఉపయోగపడిందని తేలినవి 12 మాత్రమే. ఆసుబెల్ వైపు నుంచి వచ్చిన జవాబుల్లో కొంత సబబే, చాలా అధ్యయనాల్లో ఆర్గనైజర్ పేరుతో వాడింది అసలు ఆర్గనైజరే కాదు. కానీ ఆర్గనైజర్ అంటే ఏమిటో ఎవరైనా చూసి రాసుకునేంత స్పష్టంగా ఆయన చెప్పలేదనే విమర్శ కూడా సబబే, అందుకే పైన గుర్తులు ఇన్ని ఇచ్చాను. 1979లో రిచర్డ్ మేయర్ ఈ పరిశోధనలను వేరే కోణంలో చూసి, విషయం పిల్లలకు కొత్తదైనప్పుడు, పరీక్ష కొత్త సందర్భంలో వాడమని అడిగేదైనప్పుడు ప్రభావం కనిపిస్తుందని, ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పే పరీక్షలో పెద్దగా కనిపించదని చెప్పాడు. మీ యూనిట్ టెస్టులో అంతా ఖాళీలు పూరించడం, జతపరచడమే ఉంటే ఈ కష్టానికి మార్కుల్లో ఫలితం ఆశించకండి.

ఇంకో చోట కూడా అక్కర్లేదు. పిల్లలకు పట్టి నిలిపే ఆలోచన ముందే గట్టిగా ఉంటే, ఆర్గనైజర్ పది నిమిషాల వృథా. రెండో మెట్టు కాగితాల్లో క్లాసులో ఎక్కువమంది ఎండ అని రాసి, చచ్చిన చేప ఏమవుతుందో సరిగ్గా చెప్తే, నేరుగా ఐదో మెట్టుకు పోండి. అలాగే హనుమకొండలో అపార్ట్‌మెంట్ల మధ్య పెరిగి, మత్తడి ఎప్పుడూ చూడని పిల్లలు ఎక్కువ ఉన్న సెక్షన్‌లో గొలుసుకట్టు పోలిక తిరగబడుతుంది, ముందు చెరువులను నేర్పాల్సి వస్తుంది. ఆ సెక్షన్‌కు పోలిక తీసేసి, రెండు లెక్కల వాక్యంతో వివరణాత్మక రకం రాసుకోండి, పోలిక లేకపోయినా మిగతా మెట్లు అలాగే నడుస్తాయి.